రాజీనామాకు రెండు వాక్యాలు చాలు

యూనియన్ వదిలేటప్పుడు చాలామంది లేఖలో కోపమంతా కుమ్మరిస్తారు. "నాయకత్వ వైఖరికి నిరసనగా" అన్నారంటే అది ఆరోపణే. వివరణ అడుగుతారు, అసలు పని వెనకబడుతుంది. సభ్యత్వ సంఖ్య వేసి ఇలా రాయండి: "ఈ నెల 30 నుంచి నా సభ్యత్వానికి రాజీనామా చేస్తున్నాను. లేఖ అందినట్లు రాతపూర్వకంగా తెలియజేయగలరు." "చేయాలనుకుంటున్నాను" అంటే ఉద్దేశం మాత్రమే, రాజీనామా కాదు. నియమావళిలో నోటీసు గడువు ఉంటే తేదీ దాని తర్వాతే వేయండి.

చందా జీతంలోంచి కోత పడుతుంటే, ఆపమని జీతాల విభాగానికి వేరే లేఖ ఇవ్వండి. చాలామంది మరిచేది ఇదే. కోత ఆగిందో లేదో తర్వాతి జీతం చీటీ చూస్తే తెలుస్తుంది.

పార్టీకైనా ఇదే వాక్యం. పదవి కూడా ఉంటే "పదవికీ, ప్రాథమిక సభ్యత్వానికీ" అని రెండూ రాయాలి. లేకపోతే పదవి పోయి సభ్యత్వం మిగులుతుంది.