క్లాసు అసైన్‌మెంట్లు పోల్చి చూసే ముందు జాగ్రత్తలు

డిగ్రీ ఇంటర్నల్స్ దగ్గరపడ్డాయి. ఒకే ఏఐ టూల్‌తో రాయించినవి కనిపెట్టాలని పేపర్లన్నీ పక్కపక్కన పెట్టే నల్గొండ, పాలమూరు లెక్చరర్ల కోసం ఇవి.

• పోలిక కనబడగానే పిల్లల్ని నిందించకండి. ముందు మీ ప్రశ్నలోని మాటలు, మీ నోట్సు, పాఠ్యపుస్తకం నుంచి వచ్చినవి పక్కకు తీయండి. జిల్లా ఫ్లోరైడ్ సమస్య మీద రాయమంటే, నల్గొండ టెక్నిక్‌లో సున్నం, పటిక కలిపి, తేర్చి, వడకట్టే వరుస క్లాసంతా ఒకేలా రాస్తుంది. అది పాఠం, కాపీ కాదు.

• ఎవరికి వారు వేరుగా రాయగలిగిన చోట్లే చూడండి. ఐదు పేపర్లు "ఇది కేవలం నీటి సమస్య కాదు, సామాజిక సమస్య" అన్న ధోరణిలో మొదలై, ఆరోగ్యం, ఆర్థికం, విద్య అని అదే వరుసలో మూడేసి పాయింట్లతో నడిచి, "సమష్టి కృషి" దగ్గర ఆగితే అనుమానించాలి. ఒక్క వాక్యం కలిస్తే లెక్కలోకి రాదు.

• సాఫ్ట్‌వేర్ చూపే పోలిక శాతాన్నే నమ్మకండి. టూల్ ప్రతిసారీ మాటలు మారుస్తుంది కాబట్టి శాతం తక్కువే వస్తుంది. ఒక్కో పేపర్లో ఏ పేరా దేని గురించో ఒక్క ముక్కలో రాసుకుంటే అస్థిపంజరం బయటపడుతుంది.

• ఈ ఏఐ టూల్స్ వాడకం లేని 2022కి ముందరి బ్యాచ్ పేపర్లు దొరికితే వాటినీ కలపండి. వాటిలోనూ అదే వరుస ఉంటే అది గైడుదే.

• పోలిక ఎవరు రాయించారో చెప్పదు. ఒకరిది మిగతావాళ్లకు వాట్సాప్‌లో వెళ్లి ఉండొచ్చు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, తమ ఊరి బోరు నీళ్ల గురించి ఒక పేరా రాయించి, తర్వాతే అడగండి.