సీసీ ఖాతాలో బ్యాంకు వేసిన వడ్డీని మనమే లెక్క కట్టి పుస్తకాల్లో రాయడం ఎలా?

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు పోటెత్తుతాయి. కొన్న సరుకుకు రైతుకు వెంటనే డబ్బు కట్టాలి. అదే సరుకు పొడి మిల్లుకో, ఎగుమతి చేసేవాళ్లకో అమ్మితే డబ్బు రావడానికి వారాలు పడుతుంది. ఈ మధ్యలో వ్యాపారిని నడిపించేది బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్, అందరూ సీసీ అనే ఖాతా. నెలాఖరున ఆ ఖాతాలో వడ్డీ పేరుతో ఒక మొత్తం పడుతుంది. అది ఎలా వచ్చిందో చూడకుండానే చాలామంది దాన్ని అలాగే పుస్తకంలో ఎక్కించేస్తారు. నెలకు పావుగంట కేటాయిస్తే ఆ లెక్క మనమే కట్టుకోవచ్చు. ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాకూ ఇదే పద్ధతి.

వడ్డీ దేని మీద పడుతుంది?

లిమిట్ 20 లక్షలు ఉందని 20 లక్షల మీద వడ్డీ పడదు. నెలాఖరున ఉన్న బాకీ మీదా పడదు. ప్రతి రోజు ముగిసేసరికి ఖాతాలో ఎంత బాకీ ఉందో, ఆ రోజుకు ఆ బాకీ మీదే పడుతుంది. ఒకే రోజు పది లావాదేవీలు జరిగినా చివరి నిల్వే లెక్క. పొద్దున 5 లక్షలు తీసి సాయంత్రంలోగా తిరిగి కడితే ఆ 5 లక్షలకు వడ్డీ ఉండదు. ఆదివారాలు, ఉగాది సెలవు, మార్కెట్ బందు రోజులు కూడా లెక్కలోకి వస్తాయి. శనివారం సాయంత్రం ఉన్న బాకీయే ఆదివారానికీ నడుస్తుంది.

ముందు రెండు కాగితాలు తీసుకోండి. ఒకటి ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంట్. రెండోది సాంక్షన్ లెటర్. వడ్డీ రేటు ఎంత, అది దేనికి ముడిపడి ఉంది, సంవత్సరానికి 365 రోజులు తీసుకుంటారా, లీపు సంవత్సరంలో 366 తీసుకుంటారా అన్నవి సాంక్షన్ లెటర్‌లో చూసుకోవాలి. స్టేట్‌మెంట్‌లో లావాదేవీ తేదీ, డబ్బు వడ్డీ లెక్కలోకి వచ్చే వాల్యూ డేట్ అని రెండు తేదీలుంటే వడ్డీకి వాల్యూ డేట్‌నే తీసుకోవాలి.

ఒక మార్చి నెల లెక్క

ఊహకు ఒక మిర్చి వ్యాపారిని తీసుకుందాం. లిమిట్ 20 లక్షలు, వడ్డీ ఏడాదికి 10.95 శాతం. ఈ రేటు ఎంచుకోవడానికి కారణముంది. దాన్ని 365తో భాగిస్తే రోజుకు సరిగ్గా 0.03 శాతం వస్తుంది, అంటే లక్షకు రోజుకు 30 రూపాయలు. మీ రేటుకు కూడా ఈ 'లక్షకు రోజుకు ఎంత' అనే అంకె ఒకసారి కట్టి గోడ మీద రాసి పెట్టుకోండి. 10 శాతమైతే అది సుమారు 27 రూపాయల 40 పైసలు.

నెల మొదట్లో బాకీ 8 లక్షలు. 6వ తేదీన రైతులకు 6 లక్షలు కట్టాడు. 15న మరో 5.5 లక్షలు కట్టాడు. 19న మిల్లు వాళ్ల చెక్కు 7.5 లక్షలు జమైంది. 28న ఇంకో 2 లక్షలు వచ్చాయి. బాకీ మారని రోజులన్నిటినీ ఒక వరుసగా కలిపి, బాకీని రోజులతో గుణించాలి.

| తేదీలు | రోజు ముగింపు బాకీ | రోజులు | బాకీ × రోజులు |
|---|---|---|---|
| 1–5 | 8,00,000 | 5 | 40,00,000 |
| 6–14 | 14,00,000 | 9 | 1,26,00,000 |
| 15–18 | 19,50,000 | 4 | 78,00,000 |
| 19–27 | 12,00,000 | 9 | 1,08,00,000 |
| 28–31 | 10,00,000 | 4 | 40,00,000 |
| మొత్తం | | 31 | 3,92,00,000 |

మొత్తం 392 లక్షలు. లక్షకు 30 చొప్పున వడ్డీ 11,760 రూపాయలు. ఎక్సెల్‌లో బాకీ B వరుసలో, రోజులు C వరుసలో, గుణకారం D వరుసలో పెడితే సూత్రాలు ఇవి, D2 సూత్రాన్ని D6 దాకా కిందికి లాగాలి:

```
D2:  =B2*C2
D7:  =SUM(D2:D6)
D8:  =ROUND(D7*10.95/36500,2)
```

రోజులు లెక్కించేటప్పుడు ఒక నియమం తప్పకూడదు. లావాదేవీ జరిగిన రోజు కొత్త బాకీకి చెందుతుంది, పాత బాకీకి కాదు. 6వ తేదీని రెండు వరుసల్లోనూ వేస్తే నెల 32 రోజులవుతుంది. రోజుల వరుస మొత్తం నెలలో ఉన్న రోజులతో సరిపోకపోతే ముందుకు వెళ్లకండి, తప్పు అక్కడే ఉంది.

నెలాఖరు బాకీ 10 లక్షల మీదే లెక్క కడితే 9,300 వచ్చేది. అలా కట్టిన వ్యాపారి బ్యాంకు ఎక్కువ వేసిందని అనుకుంటాడు. కానీ నెల మధ్యలో 19.5 లక్షల దాకా వాడిన సంగతి ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు.

ఖాతాలో మన డబ్బే మిగులు ఉన్న రోజులుంటే ఆ వరుసలో సున్నా వేయాలి. మిగులును మైనస్‌గా వేసి మొత్తంలోంచి తీసేయకూడదు. నెల మధ్యలో రేటు మారితే, మారిన తేదీ దగ్గర వరుసను రెండుగా విడగొట్టి, ఒక్కో భాగానికి దాని రేటు వేయాలి. సూక్ష్మ, చిన్న వ్యాపారాలకు 2019 అక్టోబర్ 1 నుంచి కొత్తగా ఇచ్చిన ఫ్లోటింగ్ రేటు రుణాలు రెపో వంటి బయటి రేటుకు ముడిపడి ఉంటాయి, కనీసం మూడు నెలలకోసారి వాటిని సవరిస్తారు. కాబట్టి రేటు మారే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

మన పుస్తకం నిల్వతో కట్టకూడదు

ఎక్కువ తేడాలు వచ్చేది ఇక్కడే. మన ఉదాహరణలో మిల్లు వాళ్ల చెక్కు వ్యాపారి చేతికి 16న వచ్చిందనుకుందాం. గుమస్తా ఆ రోజే పుస్తకంలో జమ రాశాడు. చెక్కు మాత్రం గల్లాలో ఉండిపోయి 19న బ్యాంకుకు వెళ్లింది. పుస్తకం ప్రకారం 16 నుంచే బాకీ 12 లక్షలు, బ్యాంకు ప్రకారం 18 దాకా 19.5 లక్షలు. 7.5 లక్షలకు మూడు రోజుల వడ్డీ 675 రూపాయలు. పుస్తకంతో కడితే వడ్డీ 11,085 వస్తుంది, బ్యాంకు 11,760 వేస్తుంది. ఇందులో బ్యాంకు తప్పేమీ లేదు. ఆ చెక్కు గల్లాలో ఉన్న ఒక్కో రోజుకు వ్యాపారి 225 రూపాయలు కట్టాడు. నా దృష్టిలో ఈ లెక్క కట్టడం వల్ల వచ్చే పెద్ద లాభం ఇదే. బ్యాంకు తప్పు దొరికినా దొరక్కపోయినా, మన దగ్గర డబ్బు ఎక్కడ నిలిచిపోతోందో తెలుస్తుంది.

అందుకే వడ్డీ లెక్కకు బ్యాంకు స్టేట్‌మెంట్ నిల్వలే తీసుకోవాలి. మనం ఇచ్చిన చెక్కును రైతు వారం ఆగి బ్యాంకులో వేస్తే, ఆ వారం వడ్డీ మనకు పడదు. అది కూడా స్టేట్‌మెంట్‌లోనే కనిపిస్తుంది.

పుస్తకాల్లో ఎలా రాయాలి?

సీసీ ఖాతా మన పుస్తకంలో అప్పు. టాలీలో దాని లెడ్జర్‌ను `Bank OD A/c` గ్రూపు కింద తెరవాలి. `Bank Accounts` కింద పెడితే అది బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల వైపు మైనస్ అంకెగా కనిపించే ప్రమాదముంది. వడ్డీ లెడ్జర్ `Indirect Expenses` కింద ఉండాలి. స్టేట్‌మెంట్‌లో ఉన్న తేదీనే వేసి, F5 పేమెంట్ వోచర్‌లో ఇలా రాయాలి:

బ్యాంకు వడ్డీ ఖాతా డెబిట్ 11,760
సీసీ ఖాతా క్రెడిట్ 11,760

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వడ్డీ డెబిట్ అని ఉంటుంది, మనం సీసీని క్రెడిట్ చేస్తున్నాం. కొత్త గుమస్తాలు ఇక్కడ తడబడతారు. స్టేట్‌మెంట్ బ్యాంకు వైపు నుంచి రాసింది. వాళ్లకు రావలసింది పెరిగితే డెబిట్, మనం ఇవ్వవలసింది పెరిగితే క్రెడిట్. ఈ ఎంట్రీ తర్వాత సీసీ నిల్వ రెండు చోట్లా 10,11,760 కావాలి. తేడా ఉంటే అది ఇంకా జమకాని చెక్కుల వల్లో, బ్యాంకులో పడని మన చెక్కుల వల్లో అయి ఉండాలి. వాటి జాబితా రాసి పెట్టుకోండి.

ఏప్రిల్ 1న లెక్క ఈ 10,11,760తోనే మొదలవుతుంది. వడ్డీ మీద వడ్డీ అలా నడుస్తుంది, అందుకే ఆ వడ్డీ మేరకైనా ఖాతాలో జమలు పడుతూ ఉండాలి. 90 రోజుల పాటు జమలే లేకపోయినా, పడిన జమలు వడ్డీకి సరిపోకపోయినా ఖాతా మొండిబాకీ వర్గంలోకి వెళ్తుంది.

మార్చి వడ్డీని బ్యాంకు ఏప్రిల్‌లో వేస్తే ఇంకో పని ఉంది. ఖర్చు మార్చిదే కాబట్టి మార్చి 31న జర్నల్ రాయాలి: బ్యాంకు వడ్డీ డెబిట్ 11,760, చెల్లించవలసిన వడ్డీ క్రెడిట్ 11,760. ఏప్రిల్‌లో బ్యాంకు వేసిన రోజు చెల్లించవలసిన వడ్డీని డెబిట్ చేసి సీసీని క్రెడిట్ చేస్తే సరిపోతుంది. ఆ రోజు మళ్లీ వడ్డీ ఖర్చు ఖాతాకు రాస్తే ఒకే వడ్డీ రెండేళ్లలో ఖర్చవుతుంది. బ్యాంకు వడ్డీ నిజంగా కట్టాకే ఆదాయపు పన్నులో ఖర్చుగా ఒప్పుకుంటారు కాబట్టి, ఇలా రాసిన మొత్తం గురించి ఆడిటర్‌కు విడిగా చెప్పండి.

మిగతా చార్జీలు వడ్డీలో కలపొద్దు

వడ్డీపై జీఎస్టీ లేదు. రెన్యూవల్ ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు మీద మాత్రం 18 శాతం ఉంది. రెన్యూవల్ ఫీజు 5,000 అయితే ఖాతాలోంచి 5,900 పోతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, పన్ను పడే సరుకు అమ్మేవారు దాన్ని విడగొట్టాలి: బ్యాంకు చార్జీలు డెబిట్ 5,000, సీజీఎస్టీ ఇన్‌పుట్ 450, ఎస్‌జీఎస్టీ ఇన్‌పుట్ 450, సీసీ క్రెడిట్ 5,900. ఇది తెలంగాణలోని బ్రాంచి పేరున బిల్లయితేనే. బ్యాంకు దగ్గర మీ జీఎస్టీ నంబరు లేకపోతే ఆ ఇన్‌పుట్ మీ పోర్టల్‌లో కనిపించదు, 900 రూపాయలు పోయినట్టే. ఒకసారి బ్రాంచికి వెళ్లి నంబరు నమోదైందో లేదో చూసుకోవడం మేలు. గోదాములోని స్టాక్‌కు బ్యాంకే కట్టిన బీమా ప్రీమియం ఇన్సూరెన్స్ ఖాతాకు వెళ్లాలి.

గోదాములో సరుకు ఎంతుందో బ్యాంకుకు చెప్పే స్టాక్ స్టేట్‌మెంట్ ఆలస్యమైతే, ఆ సరుకును బట్టి వాడుకోనిచ్చే మొత్తం, అంటే డ్రాయింగ్ పవర్ దాటి వాడితే బ్యాంకు జరిమానా వేస్తుంది. లిమిట్ 20 లక్షలున్నా, గోదాములో సరుకు తగ్గితే డ్రాయింగ్ పవర్ తగ్గుతుంది. వ్యాపారులు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టు 18న ఇచ్చిన ఆదేశం ప్రకారం 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త రుణాలకు ఈ జరిమానాను వడ్డీ రేటుకు కలపకూడదు. విడి చార్జీగానే వేయాలి, దాని మీద మళ్లీ వడ్డీ కట్టకూడదు. దానిపై జీఎస్టీ కూడా లేదు. మన పుస్తకంలో దీనికి 'బ్యాంకు జరిమానా' అని వేరే లెడ్జర్ ఉంచితే ఏడాదిలో ఎంత పోయిందో ఒక్కచోట తెలుస్తుంది.

లెక్క కలవకపోతే

పైసలు, ఒకటి రెండు రూపాయల తేడా వదిలేయండి, అది రౌండింగ్. అంతకుమించితే ముందు తేడాను మీ 'లక్షకు రోజుకు' అంకెతో భాగించి చూడండి. తేడా 585 వచ్చిందనుకోండి. 30తో భాగిస్తే 19.5 వస్తుంది. అంటే 19.5 లక్షల బాకీకి ఒక రోజు ఎక్కువగానో తక్కువగానో పడింది. ఏ వరుసలో వెతకాలో తేడాయే చెబుతుంది. అలా తేలకపోతే రేటు మారిందేమో, జరిమానాను వడ్డీలో కలిపారేమో చూడాలి.

అప్పటికీ తేలకపోతే మీ పట్టిక జతచేసి, ఆ నెల వడ్డీ లెక్క షీటు ఇవ్వమని బ్రాంచి మేనేజర్‌కు రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా `cms.rbi.org.in`లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు. ముద్ర ఉన్న ఆ ఉత్తరం కాపీని, మీ పట్టికను దానికి జతచేయాలి.