సుదీర్ఘ సెలవు నుంచి తిరిగొచ్చిన ఉద్యోగి మూడో వారంలో మళ్లీ ఢీలా పడితే: సమస్య - పరిష్కారం

పెద్ద జబ్బు చేసి నెలల తరబడి సెలవులో ఉన్న మనిషి తిరిగి చేరిన మొదటి వారం దాదాపు ఎప్పుడూ బాగానే గడుస్తుంది. అందరూ పలకరిస్తారు, తనకీ మళ్లీ ఆఫీసుకి వచ్చానన్న ఉత్సాహం ఉంటుంది. ఇబ్బంది మూడో వారం ప్రాంతంలో మొదలవుతుంది. నేను టీమ్ లీడ్‌గా ఉన్నప్పుడు ఇదే జరిగింది. తప్పు చాలావరకు నాదే కాబట్టి ఆ కేసునే పట్టుకుని చెబుతాను.

సమస్య: పని గంటలు సగానికి తగ్గించాం, అయినా మనిషి అలిసిపోతున్నారు

ఆమె మా అకౌంట్స్ టీమ్‌లో బిల్లులు చూసేవారు. వెన్నుకి ఆపరేషన్ అయి 4 నెలల తర్వాత వచ్చారు. డాక్టరు కాగితంలో మూడే మాటలు ఉన్నాయి: మొదట రోజుకి 4 గంటలే పని, అరగంటకోసారి లేచి నడవాలి, బరువులు ఎత్తకూడదు. ఇంతకు ముందు 8 గంటల్లో 80 బిల్లులు చూసేవారు కాబట్టి, 4 గంటలకి 40 బిల్లులు ఇచ్చాను. సగం టైముకి సగం పని. న్యాయంగానే ఉందనుకున్నాను.

రెండో వారం చివర్లో ఒక గురువారం సెలవు పెట్టారు. మూడో వారంలో మళ్లీ గురువారమే. ఆ వారం ఆమె నుంచి నాకొచ్చిన ఒక మెయిల్‌పై టైము చూస్తే రాత్రి 10.40.

కారణం: సగం టైములో సగం పని పట్టదు

కూర్చుని లెక్క వేస్తే తెలిసింది. 4 గంటలంటే 240 నిమిషాలు. మెయిళ్లకి 60 నిమిషాలు పోతాయి, రోజూ ఉండే టీమ్ మీటింగ్‌కి 45. అరగంటకోసారి 5 నిమిషాలు నడిస్తే మరో 40. మిగిలేది 95 నిమిషాలు. ఒక్కో బిల్లుకి 3 నిమిషాల చొప్పున 40 బిల్లులకి 120 కావాలి. రోజూ 25 నిమిషాలు తక్కువ పడుతోంది. మెయిళ్లూ మీటింగులూ మనిషి సగం రోజే ఉన్నారని సగానికి తగ్గవు కదా. ఆ లోటు ఆమె ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి. మొదట నడక మానేశారు, తర్వాత రాత్రిళ్లు ఇంట్లో లాప్‌టాప్ తెరిచారు.

గురువారమే ఎందుకంటే, ఇలాంటి అలసట చాలామందిలో అప్పటికప్పుడు బయటపడదు. సోమ, మంగళవారాల్లో ఎక్కువ చేసిన పని ప్రభావం ఒకటి రెండు రోజులాగి తెలుస్తుంది. సెలవులు వారంలో ఒకే రోజున పడుతున్నాయంటే జబ్బు తిరగబెట్టిందని కంగారు పడేముందు అంతకు ముందు రెండు రోజుల పని చూడాలి. నొప్పి కొత్తగా మొదలైనా, పెరుగుతూ పోతున్నా మాత్రం అది మన లెక్కలతో తేలేది కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

పరిష్కారం

గంటలు అలాగే ఉంచి, గంటల్లో పట్టే పనిని మార్చాను. రోజువారీ మీటింగ్ నుంచి ఆమెను తప్పించాను. ఆమె లేని నెలల మెయిళ్లన్నీ చదవనవసరం లేదని చెప్పి, జవాబు ఇవ్వాల్సినవి మాత్రం ఒక పేజీలో రాసి ఇమ్మని ఒక సహోద్యోగికి అప్పజెప్పాను. బిల్లులు 30కి తగ్గించాను. ఇప్పుడు మెయిళ్లూ నడకా పోను 140 నిమిషాలుంటాయి, బిల్లులకి 90 పోతే 50 మిగులుతాయి. ఆ 50 నిమిషాలు ఖాళీగా ఉన్నట్టు కనబడతాయి, వాటిని ఇంకేదో పనితో నింపాలని చెయ్యి లాగుతుంది. నింపకూడదు. పాత పాస్‌వర్డ్ పనిచేయకపోవడం, మారిపోయిన ఫారం అర్థం కాకపోవడం లాంటివన్నీ అందులోనే సర్దుకోవాలి.

తర్వాత పెంచేటప్పుడు ఒకే వారంలో గంటలూ పనీ రెండూ పెంచలేదు. ఒక వారం 30 బిల్లులతోనే 5 గంటలు, మరుసటి వారం అదే 5 గంటల్లో 45 బిల్లులు. ఏదైనా తేడా వస్తే దేనివల్ల వచ్చిందో ఇలా అయితేనే తెలుస్తుంది. తేడా వచ్చినప్పుడు ఒక్క మెట్టు వెనక్కి వెళ్లాం, మళ్లీ మొదటికి కాదు. నెలాఖరు క్లోజింగ్ మాత్రం పూర్తి గంటలు చేరేదాకా ఇవ్వలేదు, ఎందుకంటే ఆ పనిని మధ్యలో వదిలేసి ఇంటికి వెళ్లడం ఎవరికీ కుదరదు. 6 వారాల్లో అవుతుందనుకున్నది 9 వారాలు పట్టింది.

గంటలు తగ్గినన్నాళ్లు జీతం ఎలా ఇస్తారు, డాక్టరు దగ్గరికి వెళ్లే పూటలు ఏ సెలవు కింద రాస్తారు అనేవి మొదటి రోజుకి ముందే హెచ్ఆర్‌తో కాగితం మీద పెట్టించాలి. అది తేలకపోతే మనిషి డబ్బు టెన్షన్‌తోనే తొందరపడి పూర్తి గంటలకి వచ్చేస్తారు.

సమస్య: ఎప్పుడు అడిగినా "బాగానే ఉన్నానండి" అంటున్నారు

నేను మొదటి వారాల్లో సోమవారం పొద్దున కుర్చీ దగ్గరికి వెళ్లి "ఎలా ఉన్నారండీ?" అని అడిగేవాణ్ని. నలుగురి మధ్యలో, అదీ రెండు రోజుల విశ్రాంతి తర్వాత, ఎవరైనా ఏం చెబుతారు? ఒకసారి ఆ మాట చెబుతూనే ఆమె టేబుల్ అంచు పట్టుకుని బరువంతా చేతుల మీద వేసి నిలబడ్డారు. చూశాను, కానీ పట్టించుకోలేదు.

ఇక్కడ కారణం ప్రశ్నలోనూ ఉంది, భయంలోనూ ఉంది. బాగోలేదంటే ఈవిడ ఇక పనికిరారని రాసుకుంటారేమోనన్న అనుమానం నెలల సెలవు తర్వాత ఎవరికైనా ఉంటుంది.

అందుకని మాటలు బుధవారం మధ్యాహ్నానికి, తలుపు వేసుకునే గదికి మార్చాను. మొదటి నెల వారానికోసారి, 15 నిమిషాలు. పనితీరు గురించి అందులో ఎత్తనని ముందే చెప్పి, ఆ మాట మీదే ఉన్నాను. అడిగేవి చిన్న ప్రశ్నలు: "నిన్న ఎన్నిసార్లు లేచి నడిచారు?", "ఇంటికెళ్లాక ఆఫీసు పని ఏమైనా చేశారా?", "ఈ వారం ఏ పని దగ్గర ఆగిపోయారు?" జబ్బు వివరాలు అడగక్కర్లేదు, అది మన పని కాదు. ఏం చేయగలరు, ఏం చేయలేరు అన్నది తెలిస్తే చాలు. రెండో ప్రశ్నకి ఆమె కాసేపు ఆగి, "రోజూ ఒక గంట చేస్తున్నానండి, మిగిలిపోతే మీరేమనుకుంటారో అని" అన్నారు. పై లెక్కంతా నేను వేసింది ఆ మాట విన్నాకే.

చివర్లో ఇద్దరం ఒప్పుకున్న మార్పు రెండు లైన్లలో మెయిల్ చేసేవాణ్ని. వచ్చే బుధవారం మాట అక్కడి నుంచే మొదలయ్యేది.

సమస్య: పక్కవాళ్లు మొహం మాడ్చుకుంటున్నారు

80లో 30 పోతే 50 బిల్లులు ఎవరో చూడాలి. మేం ఇద్దరికి 25 చొప్పున పంచాం, అంటే ఒక్కొక్కరికి రోజూ గంటంపావు అదనం. "కాస్త సర్దుకోండి" అంటే ఒక వారం సర్దుకుంటారు, రెండో వారం విసుక్కుంటారు. ఆ ఇద్దరి పనిలోంచి ఏదో ఒకటి తీసేయాలి. నేను వారం వారం వాళ్లు తయారుచేసే రిపోర్టును 2 నెలలు ఆపించాను. దాన్ని చదివేది ఇద్దరే, అందులో ఒకణ్ని నేను. ఎప్పటిదాకా ఈ ఏర్పాటు అన్న తేదీ కూడా వాళ్లకి చెప్పాను. ఆమెకి ఏమైందన్నది మాత్రం చెప్పలేదు. టీమ్‌కి ఏ మాట చెప్పాలో ముందే ఆమెనే అడిగితే, "కొన్నాళ్లు తక్కువ గంటలు పనిచేస్తాను, అంతే చెప్పండి" అన్నారు. అంతే చెప్పాను.

సమస్య: ఒక మెట్టు దగ్గరే ఆగిపోయారు

మూడు నాలుగు వారాలైనా 5 గంటలు దాటలేకపోతుంటే, ఇంకో రెండు వారాలు చూద్దామని లాగకూడదు. ఏ పని, ఎంతసేపు, ఎక్కడ ఆగిపోతున్నారు అన్నది ఒక పేజీలో రాసి, ఆమె ఒప్పుకుంటే డాక్టరుకి పంపాలి. "పనికి ఫిట్టేనా?" అని అడిగితే అవుననో కాదనో ఒక్క ముక్కలో వస్తుంది. "రోజుకి 6 గంటలు కూర్చుని చేసే పని ఇప్పుడు ఇవ్వొచ్చా, లేకపోతే ఏం మార్చాలి?" అని అడిగితే వాడుకోదగ్గ జవాబు వస్తుంది. ఆమె విషయంలో వచ్చిన జవాబు నిలబడి పనిచేసే ఎత్తైన టేబుల్. అది పెట్టిన వారమే 6 గంటలకి వెళ్లారు.