నలభైలో సైకిలు నేర్చుకున్నారా? ఆ ఫొటో కింద రెండు మాటలు రాయడం ఎలా?

మా వదినకు 41 ఏళ్ళు. తిరుపతిలో యూనివర్సిటీ మైదానంలో రోజూ తెల్లవారుజామున సాధన చేసి సైకిలు నేర్చుకుంది. తొమ్మిదో రోజున ఫొటో తీయించుకుని, దాని కింద పెట్టడానికి ఈ మాటలు రాసి నాకు పంపింది:

"ఈ వయసులో కూడా ఎట్టకేలకు సైకిలు నేర్చుకున్నాను. ఆలస్యమైనా సరే. నవ్వకండి!"

ఫొటోలో మనిషి నిటారుగా కూర్చుని ఉంది. కింద మాటలేమో తలవంచుకుని ఉన్నాయి. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని వాటిని మార్చాం. ఎలా మార్చామో వరుసగా చెబుతాను. మీరు నేర్చుకున్నది ఈత అయినా, కారు నడపడమైనా దారి ఇదే.

మొదట చేయవలసింది, "నేర్చుకున్నాను" అన్న మాటను పక్కన పెట్టి, అసలు ఏం జరిగిందో గుర్తు చేసుకోవడం. ఇది నేర్చుకుంటున్న రోజుల్లోనే మొదలు కావాలి. ఇంటికి రాగానే ఫోనులో ఒక్క వాక్యం రాసి పెట్టుకుంటే చాలు. వారం గడిస్తే "చాలా బాగుంది" అన్న ముక్క తప్ప మరేదీ మిగలదు.

వదిన దగ్గర ఆ వాక్యాలు ఉన్నాయి. మొదటి రోజు సీటును బాగా దించి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా చేశారు. పెడళ్ళు రెండూ విప్పేశారు. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది, మామూలు మరను బిగించే వైపు తిప్పితేనే అది ఊడుతుంది. అది తెలియక అరగంట కుస్తీ పట్టారని కూడా రాసుకుంది. పెడళ్ళు లేని సైకిలు మీద కూర్చుని, కాళ్ళతో నేలను నెడుతూ నాలుగు రోజులు తిరిగింది. వెనక క్యారియర్ పట్టుకుని ఎవరో పరుగెత్తే పాత పద్ధతి కంటే పెద్దవాళ్ళకు ఇదే మేలు. పట్టుకున్నవాళ్ళ చెయ్యి సైకిలును నిలబెడుతున్నంతసేపూ మన శరీరానికి తూకం తెలియదు.

అయిదో రోజున ఆమె రాసుకున్నది ఇది: "ఎడమకు పడబోయాను. ఎడమకే తిప్పాను. సైకిలు లేచి నిలబడింది." సైకిలు తొక్కడంలో గుట్టంతా ఇక్కడే ఉంది. పడేటప్పుడు భయంతో మనం హ్యాండిల్‌ను రెండో వైపుకు తిప్పుతాం, అలా చేస్తే కింద పడటం ఖాయం. ఎటు ఒరుగుతోందో అటే కొద్దిగా తిప్పితే చక్రాలు మన బరువు కిందికి తిరిగి వస్తాయి. పసివాళ్ళకు ఇది ఆటలో పట్టుబడుతుంది. నలభై ఏళ్ళ మనిషి భయాన్ని ఎదిరించి ఆ పని చేయాలి. కాలు ఎత్తి అయిదారు సెకన్లు సాగిపోగలిగాక పెడళ్ళు మళ్ళీ బిగించారు. చున్నీని నడుముకు గట్టిగా కట్టుకోవాలన్న సంగతి, అది చక్రంలోకి వెళ్ళబోయిన రోజున తెలిసింది.

ఇన్ని సంగతుల్లో ఒక్కటే ఎంచుకోవాలి. తొమ్మిదో రోజున మైదానంలో ఒక చెట్టు దగ్గర బయలుదేరి, కాలు కింద పెట్టకుండా గేటు దాకా వెళ్ళింది. "ఇదే" అంది వదిన.

రెండో పని, తొలి చిత్తులోని చిన్న మాటలను ఏరివేయడం. తెలుగులో దీనత్వం పెద్ద మాటల్లో కంటే ఇలాంటి చిన్న మాటల్లోనే దాక్కుంటుంది. "నలభైలో నేర్చుకున్నాను" అంటే ఒక కబురు. "నలభైలో కూడా నేర్చుకున్నాను" అనగానే, అది సాధారణంగా జరగకూడని పని అయిపోతుంది. చాలామంది రాసే "ఇప్పటికైనా" అంటే ఇన్నాళ్ళూ తప్పు చేసినట్టు. "ఎట్టకేలకు" అంటే ఎవరో విసుగుతో ఎదురుచూస్తున్నట్టు. "ఆలస్యమైనా" అనాలంటే ముందు ఒక గడువు ఉండాలి, సైకిలుకు గడువు ఎవరు పెట్టారు? ఇక "నవ్వకండి" అన్న మాట, నవ్వే ఆలోచన లేనివాళ్ళకు కూడా ఆ ఆలోచన ఇస్తుంది. ఇవన్నీ, వాటితో పాటు "ఈ వయసులో" అన్నదీ కొట్టేశాక వదిన వాక్యంలో "సైకిలు నేర్చుకున్నాను" మాత్రమే మిగిలింది.

చిన్నప్పుడు ఎందుకు నేర్చుకోలేదో చెప్పాలా అని ఆమె అడిగింది. అన్నదమ్ములు అద్దె సైకిలు తెచ్చుకుని, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కుతుంటే ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. అది నిజం, రాయదగినదే. అయితే దానికి రెండు పేజీలు కావాలి. రెండు వాక్యాల్లో ఇరికిస్తే చదివినవాళ్ళు ఫొటోను వదిలేసి ఓదార్చడం మొదలుపెడతారు. అందుకే ఇక్కడ వద్దన్నాను.

మూడో పని క్రియను చూసుకోవడం. తెలుగులో విద్య మన దగ్గరికి నడిచి వస్తుంది: "నాకు సైకిలు వచ్చు" అంటాం. ఎప్పుడు వచ్చిందో ఆ మాట చెప్పదు. పదేళ్ళ పిల్లా, మా వదినా ఒకే మాట అనవచ్చు. చాలామందికి ఈ మూడు మాటల వాక్యంతోనే పని పూర్తవుతుంది. జరిగిన సంఘటన చెప్పాలనుకుంటే కంటికి కనిపించే క్రియ కావాలి: తొక్కాను, వదిలాను, తాకలేదు, ఆగలేదు.

ఈతలో ఆ క్రియ సాధారణంగా "వదిలాను" అవుతుంది. నీళ్ళలో ముఖం ముంచి ఊపిరి వదలడమో, గట్టును పట్టుకున్న చెయ్యి వదలడమో మొదటి మలుపు. కారులో అయితే, క్లచ్ మెల్లగా వదులుతూ ఎత్తు మీద ఇంజను ఆగకుండా కదిలించిన క్షణాన్ని పట్టుకోండి. నలభై దాటినవాళ్ళు లెర్నర్ లైసెన్సుకు డాక్టరు సంతకం చేసిన 1ఎ పత్రం ఇవ్వాలి. "డాక్టరుగారు సంతకం పెట్టారు, బండి ఎత్తు మీద ఆగలేదు" అన్నా వయసు దానంతట అదే తెలిసిపోతుంది.

చివరి పని వయసుకు చోటు చూడటం. దాచనక్కరలేదు. వాక్యం మొదట్లో పెడితే అది సాకులా వినిపిస్తుంది, మధ్యలో పెడితే "కూడా" వచ్చి అతుక్కుంటుంది. చివర ఒంటరిగా, అంకెగా నిలబెట్టండి. ఆ పైన ఫొటోలో కనిపించేదాన్ని మళ్ళీ రాయకండి. నవ్వు కనిపిస్తోంది కనుక "చాలా సంతోషం" అనవసరం. పొడవైన రాత అయితే ఫోనులో మొదటి వరుస మాత్రమే కనిపించి మిగిలింది మడతలోకి పోతుంది. కాబట్టి బలమైన వాక్యం ముందే రావాలి.

ఆ బలమైన వాక్యం వదిన జీవితంలోనే దొరికింది. ఇప్పటికి 11 సార్లు అలిపిరి నుంచి కాలినడకన కొండ ఎక్కిందామె. అందరూ బలహీనమనుకోబోయే కాళ్ళు నిజానికి అవి. ఇలా రాశాం:

"అలిపిరి మెట్లు పదకొండు సార్లు ఎక్కిన కాళ్ళు ఇవి. ఈ ఉదయం వేపచెట్టు నుంచి గేటు దాకా నేలను తాకలేదు. వయసు 41."

పైకి చదివి వినిపించాను. వదిన రెండుసార్లు విని, ఒక్కచోట ఆపింది. "అది వేపచెట్టు కాదు, కానుగ" అంది. దిద్ది పంపించాం.