ఇంట్లోనే మాత్రికలు – 4వ పాఠం: రెండుసార్లు తిప్పితే సంయుక్త కోణాల సూత్రం

పోయిన పాఠంలో ఒకే ఒక్క సంగతి పట్టుకున్నాం. 2×2 మాత్రికలో మొదటి నిలువు వరుస (1, 0) ఎక్కడికి వెళ్లి పడుతుందో చెబుతుంది, రెండోది (0, 1) ఎక్కడ పడుతుందో చెబుతుంది. ఇవాళ్టి పాఠానికి ఆ ఒక్కటి గుర్తుంటే చాలు.

ఇక్కడ పర్లాకిమిడిలో ఆదివారాలు మా వరండాలో కూర్చునే పిల్లల్లో సగం మంది బడిలో లెక్కలు ఒడియాలో చదువుతారు, మిగతా వాళ్లు ఇంగ్లిష్‌లో. ఇంట్లో మాత్రం అందరిదీ తెలుగే. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి నేనూ బరువైన మాటల జోలికి పోను. ‘భ్రమణ మాత్రిక’ అని ఒక్కసారి చెప్పి, ఆ తర్వాత ‘తిప్పే మాత్రిక’ అంటాను.

నా చదువు రోజుల్లో cos(α+β) = cos α·cos β − sin α·sin β అనే సూత్రాన్ని బట్టీ పట్టించారు. మధ్యలో మైనస్ ఎందుకొచ్చిందని అడిగితే ‘అదంతే’ అన్నారు. ఆ మైనస్ ఎక్కడి నుంచి వచ్చిందో ఇవాళ కంటితో చూద్దాం.

గుండుసూది, ట్రేసింగ్ పేపర్

ఒక గ్రాఫ్ కాగితం, దాని మీద ఒక ట్రేసింగ్ పేపర్ పెట్టండి. బటర్ పేపరైనా పనికొస్తుంది. సెంటీమీటరు ఒక యూనిట్ అనుకుని గ్రాఫ్ మీద అక్షాలు గీయండి. మూల బిందువు దగ్గర రెండు కాగితాలకూ కలిపి గుండుసూది గుచ్చండి. ఇప్పుడు పై కాగితం మీద (4, 2) బిందువు పెట్టండి. ఊరికే చుక్క పెట్టి వదిలేయకండి, అక్కడికి వెళ్లే దారి కూడా గీయండి: కుడికి నాలుగు అడుగులు, పైకి రెండు అడుగులు.

పై కాగితాన్ని కొంచెం అపసవ్య దిశలో, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పండి. చుక్కతో పాటు అడుగులు కూడా తిరిగాయి. నాలుగు అడుగులూ ఒకే కొత్త దిక్కుకు ఒరిగాయి, రెండు అడుగులూ ఇంకో కొత్త దిక్కుకు ఒరిగాయి. లెక్క మాత్రం మారలేదు. అంటే తిరిగిన చుక్క ఎక్కడుందో తెలియాలంటే తిరిగిన (1, 0)ని నాలుగుసార్లు, తిరిగిన (0, 1)ని రెండుసార్లు తీసుకుని కూడితే సరిపోతుంది. తిప్పడాన్ని మాత్రికతో రాయవచ్చు అనడానికి కారణం ఇదే. ఇందులో త్రికోణమితి ఇంకా రానే లేదు.

ఇక α కోణం తిప్పితే (1, 0) ఎక్కడికి వెళ్తుంది? ఒక యూనిట్ వ్యాసార్థం ఉన్న వృత్తం మీద α కోణం దగ్గరికి. ఆ బిందువు నిరూపకాలనే మనం cos α, sin α అని పిలుస్తాం. ఇది రుజువు చేసేది కాదు, ఆ పేర్లకు అర్థమే అది.

(0, 1) సంగతి చూద్దాం. అది (1, 0)కి 90 డిగ్రీల ముందుంటుంది. కాగితం ఎంత తిప్పినా ఆ 90 అలాగే ఉంటుంది. కాబట్టి (cos α, sin α)ను ఇంకో 90 డిగ్రీలు తిప్పితే చాలు. గ్రాఫ్ మీద (4, 2)ను పావు చుట్టు తిప్పి చూడండి, (−2, 4) మీద పడుతుంది. కుడికి వేసిన నాలుగు అడుగులు పైకి లేచాయి, పైకి వేసిన రెండు అడుగులు ఎడమకు పడుకున్నాయి. ఏ బిందువుకైనా ఇంతే: (x, y) వెళ్లి (−y, x) అవుతుంది. కాబట్టి (0, 1) వెళ్లే చోటు (−sin α, cos α). మనం వెతుకుతున్న మైనస్ పుట్టింది ఇక్కడే. పైకి వేసిన అడుగు తిరిగేసరికి ఎడమకు ఒరుగుతుంది, అందుకే మైనస్.

రెంటినీ నిలువు వరుసలుగా పెడితే:

```
R(α) = | cos α   −sin α |
       | sin α    cos α |
```

రెండుసార్లు తిప్పడం

ముందు β తిప్పి, ఆపి, తర్వాత α తిప్పారనుకోండి. మొత్తం α+β తిరిగింది. ఇందులో ఎవరికీ అనుమానం ఉండదు, సూది గుచ్చిన కాగితం అది. మాత్రికల్లో దీన్నే R(α)·R(β) = R(α+β) అని రాస్తాం. ముందు చేసిన పని కుడి పక్కన ఉంటుందని పోయినసారి చెప్పుకున్నాం.

ఇప్పుడు (1, 0) ఒక్కదాన్నే వెంబడిద్దాం. β తిప్పాక అది (cos β, sin β) దగ్గరుంది. దాని మీద R(α) ప్రయోగిస్తే:

```
x = cos α·cos β − sin α·sin β
y = sin α·cos β + cos α·sin β
```

అదే (1, 0)ను ఒకేసారి α+β తిప్పితే (cos(α+β), sin(α+β)) దగ్గరికి చేరాలి. రెండు దారుల్లో వెళ్లినా చేరిన బిందువు ఒకటే. కాబట్టి x కి x, y కి y సమానం. రెండు సూత్రాలూ ఒకే దెబ్బతో వచ్చేశాయి. మాత్రికల లబ్ధంలో రెండో నిలువు వరుస కూడా వేసి చూడండి, కొత్తదేమీ రాదు. ఇవే రెండు సూత్రాలు, గుర్తులు అటూ ఇటూ అయి కనిపిస్తాయి.

β బదులు −β పెడితే తీసివేత సూత్రాలు వస్తాయి. అది మీరే వేసుకోండి.

గుణుపురం నుంచి వచ్చే అమ్మాయి ఇక్కడ ఒక ప్రశ్న వేసింది. “మాస్టారూ, మా పుస్తకంలో తిప్పే మాత్రికను రాబట్టడానికే cos(α+β) సూత్రం వాడారు. మళ్లీ ఆ మాత్రికతో ఆ సూత్రాన్ని రుజువు చేస్తే ఎలా?” మంచి ప్రశ్న. అలా చేస్తే నిజంగానే తప్పు. అది గానుగెద్దు నడక, బయల్దేరిన చోటికే వస్తాం. చాలా పుస్తకాల్లో బిందువును (r cos β, r sin β) అని రాసి, α తిప్పితే (r cos(α+β), r sin(α+β)) అని, సూత్రంతో విడదీసి మాత్రికను చూపిస్తారు. మాత్రికను చేరడానికి అది సరైన దారే, కానీ ఆ తర్వాత మాత్రికతో సూత్రం రుజువైందని చెప్పకూడదు. మనం మొదట్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ అంతసేపు ట్రేసింగ్ పేపర్ తిప్పింది అందుకే. అక్కడ సూత్రం ఊసే లేదు.

ఇంకో లాభం కూడా ఉంది. లంబకోణ త్రిభుజాలు పేర్చి చేసే రుజువులో α, β, వాటి మొత్తం 90 లోపు ఉన్నట్టు బొమ్మ గీస్తారు. కోణం 200 అయితే బొమ్మ మళ్లీ మార్చి గీయాలి. కాగితం తిప్పడానికి ఆ పేచీ లేదు, ఎంత కోణమైనా మాట ఒకటే.

అంకెలతో ఒకసారి

(4, 2)ను ముందు 30 డిగ్రీలు తిప్పుదాం. cos 30° = 0.866, sin 30° = 0.5.

```
x = 4(0.866) − 2(0.5)   = 2.464
y = 4(0.5)   + 2(0.866) = 3.732
```

ముందుకెళ్లే ముందు ఒక తనిఖీ. తిప్పితే మూల బిందువు నుంచి దూరం మారకూడదు. మొదట 4² + 2² = 20. ఇప్పుడు 6.071 + 13.928 = 19.999. సరిపోయింది.

దీన్నే ఇంకో 45 డిగ్రీలు తిప్పుదాం. అక్కడ రెండూ 0.7071 కాబట్టి పని తేలిక: x = 0.7071 × (2.464 − 3.732) = −0.897, y = 0.7071 × (2.464 + 3.732) = 4.381.

ఇప్పుడు ఒకేసారి 75. మన సూత్రం ప్రకారం cos 75° = (√6 − √2)/4 = 0.2588, sin 75° = (√6 + √2)/4 = 0.9659. x = 4(0.2588) − 2(0.9659) = −0.897, y = 4(0.9659) + 2(0.2588) = 4.381. అవే అంకెలు. కోణమానిని పెట్టి ట్రేసింగ్ పేపర్‌ను 75 తిప్పి స్కేలుతో కొలిస్తే నాకు ఎడమకు 9 మిల్లీమీటర్లు, పైకి 44 వచ్చాయి. సూది రంధ్రం వదులైతే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది, టెన్షన్ పడకండి.

ఎక్కడ తప్పుతాం

కాగితం మీద ఎక్కువగా జరిగే తప్పు మైనస్‌ను కింది వరుసలో పెట్టడం. దూరం తనిఖీ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే అదీ తిప్పడమే, కాకపోతే సవ్య దిశలో. పట్టుకోవాలంటే α = 90° పెట్టి మొదటి నిలువు వరుస చూడండి. (0, 1) ఉండాలి. (0, −1) ఉంటే మీ మాత్రిక ఎదురు తిరుగుతోంది.

కంప్యూటర్‌లో జరిగేది వేరే తప్పు. మా కుర్రాడొకడు పైథాన్‌లో ముగ్గు తిప్పుదామని ఇలా రాశాడు:

```
x = x*c - y*s
y = x*s + y*c
```

బొమ్మ తిరిగింది కానీ నలిగిపోయింది. సూత్రంలో తప్పు కనిపించక గంటసేపు తల పట్టుకున్నాడు. జరిగిందేమిటంటే, రెండో వరుసకు వచ్చేసరికి x అప్పటికే మారిపోయింది. y కి పాత x కావాలి, దొరికింది కొత్తది. (4, 2), 30 డిగ్రీలతో చూస్తే y 3.732 కావాల్సింది 2.964 వస్తుంది, దూరం వర్గం 20 నుంచి 14.86కి పడిపోతుంది. ఈ తప్పు కోడ్ చేసే పనిని మాత్రికగా రాసి నిర్ధారకం కట్టండి, బొమ్మ వైశాల్యం ఎన్ని రెట్లు అవుతుందో అది చెబుతుంది. 1 రావాల్సిన చోట cos²α వస్తుంది. అంటే 30 డిగ్రీలకు బొమ్మ వైశాల్యం సరిగ్గా ముప్పావు వంతు అవుతుంది. సరిచేయడం ఒక్క వరుసలో పని:

```
x, y = x*c - y*s, x*s + y*c
```

పైథాన్ కుడి పక్కన ఉన్నదంతా ముందు లెక్కకట్టి, ఆ తర్వాతే పేర్లకు అంటిస్తుంది. ఇంకో మాట, math.cos కి డిగ్రీలు ఇవ్వకండి, అది రేడియన్లే తీసుకుంటుంది. డిగ్రీలను math.radians తో మార్చి ఇవ్వండి.

ఇంటిపని

కొత్త పది రూపాయల నోటు వెనక కోణార్క చక్రం ఉంది. కోణార్కలో ఆ చక్రానికి 8 లావు ఆకులు, వాటి మధ్య 8 సన్న ఆకులు. లావు ఆకుకూ లావు ఆకుకూ మధ్య 45 డిగ్రీలు, అంటే లావు ఆకు నుంచి పక్కనున్న సన్న ఆకుకు 22.5. cos 22.5° ను కాలిక్యులేటర్ ముట్టకుండా రాబట్టండి. దారి ఇది: R(22.5°)ను దానితోనే గుణిస్తే R(45°) రావాలి. cos 22.5°ను c, sin 22.5°ను s అనుకుంటే పై ఎడమ గడిలో c² − s² = 0.7071. దూరం మారదు కాబట్టి c² + s² = 1. రెండూ కూడండి. c = 0.9239, s = 0.3827 రావాలి. 2cs కూడా 0.7071 అవుతోందో లేదో చూసుకోండి.

వర్గమూలం దగ్గర మైనస్ c కూడా వస్తుంది. c, s రెంటికీ మైనస్ పెట్టినా మూడు సమీకరణాలూ ఒప్పుకుంటాయి. అది లెక్కలో తప్పు కాదు, ఆ మాత్రిక కూడా ఒక కోణం తిప్పేదే. రెండుసార్లు తిప్పితే 45 దగ్గరికే వచ్చి ఆగే ఆ రెండో కోణం ఎంతో కనుక్కుని, నోటు మీద ఆ ఆకును చూపించండి.