వ్యూస్ వచ్చాయి, బేరాలు రాలేదు

మంగళగిరిలో మాది చిన్న చేనేత చీరల కొట్టు. మొదట్లో మా రీల్స్‌ను వేలమంది చూసేవారు, కొట్టు మెట్లెక్కేవాళ్లు మాత్రం లేరు. ట్రెండింగ్ పాట మీద చకచకా చీరలు మారిపోయేవి. ధర అడిగితే "మెసేజ్ చేయండి" అనేవాళ్లం.

ఇప్పుడు వీడియోకు ఒకటే చీర. మొదటి మాటలోనే ధర, కొట్టు గుర్తు చెప్తాను. తర్వాత నిజాం అంచు, పల్లు దగ్గరగా చూపిస్తాను.

జనం రావడం మొదలయ్యాక రంగు గొడవ వచ్చింది. "వీడియోలో రంగు ఇది కాదండీ" అని ఒకావిడ వెనక్కి వెళ్లిపోయారు. పసుపు బల్బు, తెల్ల ట్యూబ్‌లైటు కలిసి వెలిగితే ఫోన్ కెమెరాకు రంగు సరిగ్గా అందదు. నెమలికంఠం రంగు మరీ మోసం చేస్తుంది. అందుకే లోపలి లైట్లు ఆర్పేసి, గుమ్మం దగ్గర నీడపట్టున తీస్తున్నాను. పక్కన పెట్టిన తెల్ల కాగితం స్క్రీన్‌లో తెల్లగా కనిపిస్తే సరే. చీర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేస్తాను, లేదంటే జరీ మెరిసినప్పుడల్లా చీర నల్లబడుతుంది.

అదే వీడియో వాట్సాప్ స్టేటస్‌లోనూ పెట్టి, చీర అమ్ముడైతే తీసేస్తాను. యాడ్ డబ్బులా? యూట్యూబ్ షార్ట్స్‌తో అవి రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో కోటి వ్యూస్ కావాలి. మా ఊరి జనాభానే అంత లేదు! "వీడియో చూసి వచ్చాం" అన్నవాళ్ల బిల్లు మీద మాత్రం టిక్ పెడుతున్నాను.