ఫొటోలో చున్నీ అతికించినట్టు కాకుండా వేసుకున్నట్టు కనిపించాలంటే

అమ్మాయి ఉత్త కుర్తాలో పెళ్లిచూపుల ఫొటో దిగింది, తీరా ప్రింటు వేసే ముందు "చున్నీ ఉంటే బాగుండేది" అని ఇంట్లోవాళ్లు అంటారు. నల్లగొండ స్టూడియోల్లో ఇది మామూలే. ఫోటోషాప్‌లో చున్నీ పెట్టొచ్చు, కానీ సగం పని కెమెరాతోనే అయిపోవాలి.

ముందు చున్నీని ఫొటో తీయాలి. బల్ల మీద పరిచి తీస్తే పనికిరాదు, ఎందుకంటే మడతలు పుట్టేది భుజం దగ్గర, బట్ట ఎక్కడ ఆనుతుందో అక్కడి నుంచే కిందికి జారతాయి. ఉదాహరణకి అమ్మాయిది క్రీమ్ కుర్తా, వెలుగు ఫొటోలో ఎడమ వైపు కిటికీ నుంచి వస్తోంది, వేయాల్సింది ఎర్ర పోచంపల్లి ఇక్కత్ కాటన్ చున్నీ. అదే ఒడ్డూ పొడుగూ ఉన్న ఇంకొకరి భుజాల మీద వేసి, వెలుగు ఎడమ నుంచే పడేట్టు, కెమెరా అదే ఎత్తులో పెట్టి తీయండి. కాటన్ కాస్త బిర్రుగా నిలుస్తుంది, మడతలు తక్కువ, పెద్దవి. పట్టయితే ఒంటికి అంటుకుని జారుతుంది.

చున్నీని Pen Tool తో కత్తిరించి, అమ్మాయి ఫొటో మీద పెట్టి, Warp తో భుజానికి సరిచేయండి. చున్నీ పై అంచు భుజం గీత మీద కాకుండా వెంట్రుకవాసి పైన ఉండాలి, బట్టకి మందం ఉంటుంది కదా. మరీ లాగితే ఇక్కత్ డిజైన్ పట్టిచ్చేస్తుంది, డైమండ్లు సాగిపోతాయి. అప్పుడు మళ్లీ ఫొటో తీసుకోవడమే మేలు.

ఇక నీడ. చాలామంది Drop Shadow పెట్టి వదిలేస్తారు, అది అంచు పొడుగునా ఒకే తీరుగా పడి చున్నీని స్టిక్కర్ చేస్తుంది. చున్నీ కింద రెండు లేయర్లు తీసుకుని రెండింటినీ Multiply లో పెట్టండి. 3000 పిక్సెల్స్ ఎత్తున్న ఫొటోలో మొదటిదాని మీద 4 పిక్సెల్స్ బ్రష్‌తో, బట్ట ఆనిన చోట మాత్రమే, అంచుకి ఆనించి సన్నగా గీసి, బట్ట లేచిన చోట చెరిపేయాలి. రెండోది వెడల్పుగా వేసి, Gaussian Blur 25 పిక్సెల్స్ ఇచ్చి, కుడి కిందికి జరిపి, Opacity 25 శాతానికి తగ్గించండి. నలుపు వాడొద్దు, కుర్తా ముడతల్లో ముదురుగా ఉన్న రంగు తీసుకోండి, మెడ మీద పడే నీడకైతే చర్మంలోని గోధుమ ఛాయ.

జుట్టు భుజం మీదికి వస్తే, చున్నీకి Layer Mask పెట్టి ఆ జుట్టు చున్నీ మీద కనిపించేట్టు చేయాలి. చివరగా ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేసి, చిన్నది చేసి చూడండి. ముఖంలో కుడి వైపు ఎంత మసకబడిందో చున్నీ కుడి భాగం కూడా దాదాపు అంతే మసకబడాలి, లేకపోతే Curves తో ఆ ఒక్క వైపే వెలుగు దించండి.